రాజీనామాకు బదులు రానప్పుడు: రిమైండర్ మెయిలు, రికార్డు సవరణ

ఉద్యోగి రాజీనామా మెయిలు పంపుతాడు. రెండు రోజులు గడుస్తాయి, వారం గడుస్తుంది, కార్యాలయం నుంచి ఒక్క మాట రాదు. ఇటువంటి మౌనాన్ని చాలామంది రెండు విధాలుగా పొరబడతారు. కొందరు బదులు రాలేదు కాబట్టి రాజీనామా చెల్లలేదని భావించి, కొత్త తేదీతో మరొకటి పంపుతారు. మరికొందరు పంపడంతో తమ బాధ్యత తీరిందనుకొని, నోటీసు గడువు ముగిసిన నాడు నిశ్చింతగా పని మానేస్తారు. మొదటివారు తమ నోటీసు దినాలను తామే పోగొట్టుకుంటారు. రెండవవారు కొన్నాళ్లకు తమ రికార్డులో ‘చెప్పకుండా వెళ్లిపోయిన ఉద్యోగి’ అన్న మాటను చూడవలసి వస్తుంది. ఈ రెండింటినీ తప్పించే మార్గాన్ని ఈ పాఠం ఒక ఉదాహరణతో వివరిస్తుంది.

మూడు వేర్వేరు పత్రాలు

రాజీనామా వ్యవహారంలో మూడు పత్రాలు ఉంటాయి. మొదటిది అందినట్లు ధ్రువీకరణ. రాజీనామా ఫలానా తేదీన తమకు చేరిందని యాజమాన్యం చెప్పే మాట మాత్రమే ఇది. రెండవది ఆమోదం. ఇందులో ఉద్యోగం ఏ తేదీతో ముగుస్తుందో యాజమాన్యం తెలుపుతుంది. మూడవది విడుదల పత్రం, అంటే రిలీవింగ్ లెటర్. బాధ్యతలు అప్పగించిన తరువాత, చివరి రోజున లేదా ఆ తరువాత ఇది లభిస్తుంది.

మెయిలుకు బదులు రానప్పుడు అడగవలసినది మొదటి పత్రాన్ని. ఆమోదం ఇవ్వడానికి పై అధికారులతో చర్చించాలని, ప్రత్యామ్నాయం చూసుకోవాలని యాజమాన్యం కాలయాపన చేయవచ్చు. కాని ఒక ఉత్తరం చేరిందని చెప్పడానికి ఏ చర్చా అవసరం లేదు. అందువల్ల రిమైండర్ మెయిలులో ‘దయచేసి నా రాజీనామాను ఆమోదించండి’ అని మాత్రమే వ్రాసిన ఉద్యోగి కష్టమైనదాన్ని ముందు అడిగి, సులభమైనదాన్ని వదులుకుంటున్నాడు. చేరిన తేదీ స్థిరపడితే నోటీసు లెక్క స్థిరపడుతుంది. మిగిలిన తేదీలన్నీ దాని మీదనే ఆధారపడి ఉంటాయి.

మెయిలు ఎప్పుడు చేరినట్లు?

ఈ విషయాన్ని సమాచార సాంకేతిక చట్టం, 2000 లోని 13వ సెక్షన్ చెబుతుంది. ఉభయులు వేరే విధంగా ఒప్పుకోనప్పుడు, స్వీకర్త ఏదైనా మెయిలు చిరునామాను ఇందుకోసమని నిర్దేశించి ఉంటే, సందేశం ఆ చిరునామాలోకి ప్రవేశించిన క్షణంలోనే అది అందినట్లు లెక్క. దాన్ని ఎవరూ తెరవకపోయినా లెక్క మారదు. నిర్దేశించని మరొక చిరునామాకు పంపినట్లయితే మాత్రం, స్వీకర్త దాన్ని తీసి చూసినప్పుడే అందినట్లు.

కాబట్టి నియామక పత్రంలో రాజీనామా గురించిన నిబంధన కీలకమవుతుంది. రాజీనామా ఎవరికి ఇవ్వాలి, మెయిలు చాలునా లేక సంస్థ పోర్టల్‌లో కూడా నమోదు చేయాలా, నోటీసు ఎన్ని దినాలు అన్న మూడు ప్రశ్నలకు సమాధానం సాధారణంగా అక్కడే ఉంటుంది. మానవ వనరుల విభాగం, అనగా హెచ్‌ఆర్ చిరునామా అక్కడ పేర్కొని ఉండగా, ఉద్యోగి తన మేనేజరుకు మాత్రమే మెయిలు పంపి ఉంటే, మౌనానికి కారణం అక్కడే దొరకవచ్చు.

ఏజెన్సీల ద్వారా పనిచేసేవారు ఇక్కడ మరింత జాగ్రత్త వహించాలి. కాపలా, గిడ్డంగి, కాల్ సెంటర్, డేటా ఎంట్రీ వంటి పనులలో కూర్చునే చోటు ఒక సంస్థది, జీతమిచ్చే యజమాని మరొక సంస్థ. పని చేయించే చోటి సూపర్‌వైజరుకు ఇచ్చిన రాజీనామా యజమానికి చేరినట్లు కాదు. జీతపు చీటీ మీదను, భవిష్యనిధి ఖాతాలోను ఏ సంస్థ పేరు ఉన్నదో ఆ సంస్థకే రాజీనామా పంపి, సూపర్‌వైజరుకు నకలు ఇవ్వాలి.

అదే చట్టంలోని 12వ సెక్షన్ మరొక ముఖ్యమైన మాట చెబుతుంది. ధ్రువీకరణ ఫలానా రూపంలోనే ఉండాలని పంపినవారు కోరకపోతే, స్వీకర్త నుంచి వచ్చిన ఏ సందేశమైనా, అందినట్లు తెలియజేసే ఏ ప్రవర్తనయైనా ధ్రువీకరణగా చెల్లుతుంది. అంటే ‘మీ రాజీనామా చూశాను, సోమవారం మాట్లాడుదాం’ అని మేనేజరు చాట్‌లో పంపిన ఒక్క వాక్యానికి కూడా విలువ ఉన్నది.

ఈ సెక్షన్‌లోనే ఒక ఉచ్చు కూడా ఉన్నది. ధ్రువీకరణ వచ్చిన తరువాతనే ఈ సందేశానికి కట్టుబడవలసి ఉంటుందని పంపినవారే షరతు పెడితే, ధ్రువీకరణ రానంతవరకు ఆ సందేశం పంపనట్లే లెక్క. కాబట్టి మర్యాద కోసమైనా ‘మీ ధ్రువీకరణ అందిన పిమ్మటనే నా రాజీనామా అమలులోకి వస్తుంది’ అన్న వాక్యం వ్రాయరాదు. అది ఎదుటివారి మౌనానికి తాళం చెవి అందించడమే.

ఒక ఉదాహరణ

బెంగళూరులోని ఒక సంస్థ లెక్కల విభాగంలో పనిచేసే చిత్తూరు జిల్లా ఉద్యోగినిని ఊహించుకుందాం. ఆమె నోటీసు గడువు 30 దినాలు. కొత్త సంస్థలో 2026 ఏప్రిల్ 6న చేరాలి. మార్చి 2, సోమవారం నాడు ఆమె తన మేనేజరుకు రాజీనామా మెయిలు పంపారు. మరునాడు మేనేజరు ఆఫీసు చాట్‌లో ‘మెయిలు చూశాను, తొందరపడకండి, మాట్లాడుదాం’ అన్నారు. ఆ తరువాత మాట్లాడలేదు, బదులూ ఇవ్వలేదు.

మార్చి 5న ఆమె రిమైండర్ వ్రాయడానికి ముందు మూడు విషయాలు సరిచూశారు. పంపిన మెయిళ్ల పెట్టెలో ఆ మెయిలు ఉన్నదా, చిరునామాలో అక్షరదోషం లేదు కదా అన్నది మొదటిది. `Mail Delivery Subsystem` పేరుతో తిరుగు సందేశం ఏదైనా వచ్చి స్పామ్ పెట్టెలో పడిందా అన్నది రెండవది. అటువంటి సందేశం ఉంటే అసలు మెయిలు చేరనేలేదని అర్థం. మూడవది నియామక పత్రం. అందులో రాజీనామాను హెచ్‌ఆర్ విభాగపు మెయిలుకు పంపాలని స్పష్టంగా ఉన్నది. ఆమె అక్కడికి పంపలేదు.

ఇప్పుడు లెక్క చూద్దాం. మెయిలు చేరిన రోజును వదలి మరునాటి నుంచి లెక్కిస్తే, మార్చి 2 నోటీసుకు 30వ రోజు ఏప్రిల్ 1. మార్చి 5న హెచ్‌ఆర్‌కు పంపిన మెయిలునే నోటీసుగా లెక్కించినా 30వ రోజు ఏప్రిల్ 4. రెండు లెక్కలలోను ఆమె ఏప్రిల్ 6న కొత్త ఉద్యోగంలో చేరగలరు. అయితే రెండవ లెక్కలో మిగిలినది ఒక్క రోజు. ఇంకో వారం ఊరకున్నట్లయితే ఆ అవకాశం పోయేది. మొదటి రిమైండరును రెండు మూడు పనిదినాలలోపే పంపడానికి కారణం ఇదే.

రిమైండర్ మెయిలు వ్రాసే తీరు

రిమైండరును కొత్త మెయిలుగా పంపరాదు. పంపిన మెయిళ్ల పెట్టెలో ఉన్న పాత మెయిలును తెరచి, దానికే బదులుగా వ్రాయాలి. అప్పుడు మొదటి మెయిలు, దాని తేదీ, సమయం కింద అలాగే నిలుస్తాయి. స్వీకర్తలలో మేనేజరుతో పాటు హెచ్‌ఆర్ చిరునామాను చేర్చాలి. కార్యాలయపు మెయిలు ఖాతాను సంస్థ ఏ రోజైనా నిలిపివేయగలదు కాబట్టి నకలును సొంత మెయిలుకు కూడా పంపుకోవాలి. పంపుకునేది తన రాజీనామాకు సంబంధించిన మెయిళ్లు మాత్రమే. కార్యాలయపు ఇతర పత్రాలను సొంత మెయిలుకు పంపడం గోప్యతా నిబంధనల ఉల్లంఘన కావచ్చు, అది మరో వివాదానికి దారి తీస్తుంది.

ఆమె వ్రాసిన మెయిలు సారాంశం ఇది. కార్యాలయ వ్యవహార భాషలోకి దీన్ని మార్చుకోవచ్చు.

> విషయం: 2026 మార్చి 2 నాటి నా రాజీనామా – అందినట్లు ధ్రువీకరణ కోసం
>
> అయ్యా,
>
> 2026 మార్చి 2న నేను పంపిన రాజీనామా మెయిలు ఈ దిగువన ఉన్నది. దాన్ని చూసినట్లు మేనేజరుగారు మార్చి 3న ఆఫీసు చాట్‌లో తెలిపారు. నియామక పత్రంలోని నిబంధన ప్రకారం ఈ మెయిలు ద్వారా హెచ్‌ఆర్ విభాగానికి కూడా దాన్ని సమర్పిస్తున్నాను.
>
> ఇది కొత్త రాజీనామా కాదు. మార్చి 2 నాటి నోటీసుకు కొనసాగింపు మాత్రమే. 30 దినాల గడువు ఏప్రిల్ 1తో ముగుస్తుంది.
>
> రాజీనామా అందిన తేదీని, నా చివరి ఉద్యోగ దినాన్ని మార్చి 9లోగా మెయిలు ద్వారా తెలుపగలరు. పోర్టల్‌లో నేను చేయవలసిన నమోదు ఏదైనా ఉంటే తెలియజేయగలరు. బాధ్యతల అప్పగింతకు సిద్ధంగా ఉన్నాను.

ఈ మెయిలులో ఫిర్యాదు లేదు, ఉద్యోగం మానడానికి కారణాల వివరణ లేదు. తేదీలు, ఒక స్పష్టమైన కోరిక, దానికొక గడువు మాత్రమే ఉన్నాయి. ‘ఇది కొత్త రాజీనామా కాదు’ అన్న వాక్యం అన్నిటికంటె ముఖ్యమైనది. అది లేకపోతే మార్చి 5నే రాజీనామా తేదీగా యాజమాన్యం నమోదు చేసుకునే అవకాశం ఉన్నది. మొదటి మెయిలు హెచ్‌ఆర్‌కు వెళ్లలేదన్న నిజాన్ని ఆమె దాచలేదు. హెచ్‌ఆర్‌కు కూడా మార్చి 2నే పంపానని వ్రాసి ఉంటే, మెయిలు సర్వరులోని వివరాలే ఆ మాటను కాదనేవి. దానితో ఆమె చెప్పే మిగిలిన తేదీల మీద కూడా అనుమానం కలిగేది.

పోర్టల్‌లో నమోదు చేయవలసి వస్తే మరొక చిక్కు ఉన్నది. పోర్టల్ సాధారణంగా నమోదు చేసిన రోజునే రాజీనామా తేదీగా తీసుకుంటుంది. అందువల్ల వ్యాఖ్య వ్రాసే గడిలో ‘2026 మార్చి 2 నాటి మెయిలు నోటీసుకు కొనసాగింపు’ అని వ్రాసి, ఆ తెరను భద్రపరచుకోవాలి.

అప్పటికీ బదులు రాకపోతే

మార్చి 9 గడిచిపోయినా మౌనమే ఎదురైతే తదుపరి మెట్టు కాగితం మీది ఉత్తరం. రెండు మెయిళ్ల ముద్రిత ప్రతులను జతచేసి, సంతకం చేసిన చిన్న ఉత్తరాన్ని సంస్థ రిజిస్టర్డ్ కార్యాలయానికి పంపాలి. కంపెనీల చట్టం, 2013 ప్రకారం కంపెనీ తన వ్యాపార ఉత్తరాల మీద రిజిస్టర్డ్ కార్యాలయపు చిరునామాను ముద్రించాలి. నియామక పత్రం పై భాగంలోనో అడుగునో అది కనబడుతుంది.

2025లో తపాలా శాఖ రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో విలీనం చేసింది. కాబట్టి తపాలా కార్యాలయంలో రిజిస్ట్రేషన్ సదుపాయంతో కూడిన స్పీడ్ పోస్టును, చేరినట్లు రుజువును అడిగి తీసుకోవాలి. రసీదు మీది సంఖ్యతో ఉత్తరం చేరిన తేదీని తెలుసుకొని, ఆ పుటను ముద్రించి ఉంచుకోవాలి. ఉత్తరాన్ని స్వయంగా కార్యాలయంలో ఇచ్చినట్లయితే రెండవ ప్రతి మీద ముద్ర, తేదీ, తీసుకున్నవారి సంతకం వేయించుకోవాలి. సంతకానికి నిరాకరిస్తే అక్కడ వాదించకుండా తపాలా మార్గాన్నే ఆశ్రయించడం మంచిది.

ఈ కాలమంతా ఉద్యోగి పనికి వెళ్లడం మానరాదు. అప్పగింత జాబితాను మెయిలులో పంపుతూ, ఏ పని ఎవరికి ఏ తేదీన అప్పగించినదీ వ్రాయాలి. అప్పగింత మెయిళ్లకు సహోద్యోగులు ఇచ్చే బదుళ్లు కూడా రాజీనామా సంగతి కార్యాలయానికి తెలుసునన్న దానికి సాక్ష్యాలే.

తప్పు తేదీతో బదులు వచ్చినప్పుడు

మన ఉదాహరణలో మార్చి 16న హెచ్‌ఆర్ నుంచి బదులు వచ్చింది: ‘మీ రాజీనామా నేడు అందినది. చివరి రోజు ఏప్రిల్ 15.’ మౌనం తొలగింది గాని తప్పు తేదీ రికార్డుకెక్కింది. చాలామంది బదులు వచ్చిందన్న ఊరటతో ‘ధన్యవాదాలు’ అని వ్రాసి ఊరుకుంటారు. అలా వ్రాస్తే ఆ తేదీకి ఒప్పుకున్నట్లు అవుతుంది.

ఆమె అదే రోజున, అదే మెయిలు వరుసలో సవరణ కోరారు. ‘అందిన తేదీ మార్చి 16 అన్న నమోదు సరియైనది కాదు. మేనేజరుగారికి మార్చి 2న పంపిన మెయిలును వారు చూసినట్లు మార్చి 3 నాటి చాట్ తెలుపుతున్నది. నిర్దేశిత హెచ్‌ఆర్ చిరునామాకు మార్చి 5న చేరింది. ఆ తేదీ నుంచి లెక్కించినా గడువు ఏప్రిల్ 4తో ముగుస్తుంది. అందిన తేదీని, చివరి ఉద్యోగ దినాన్ని పోర్టల్‌లో సవరించి తెలుపగలరు’ అని వ్రాసి, చాట్ ప్రతిని జతచేశారు. బలమైన వాదన మార్చి 5 తేదీది. అందుకే ఆమె మార్చి 2ను విడువకుండానే, ఎవరూ కాదనలేని తేదీని దాని పక్కన నిలిపారు. యాజమాన్యానికి ఒప్పుకోవడానికి ఒక గౌరవప్రదమైన దారి దొరికింది. చివరకు ఏప్రిల్ 4 నమోదైంది.

ఒకవేళ సంస్థ ఏప్రిల్ 15నే పట్టుబడితే ఏప్రిల్ 5 నుంచి 15 వరకు 11 దినాల తేడా మిగులుతుంది. నియామక పత్రంలో నోటీసుకు బదులు జీతం చెల్లించే వెసులుబాటు ఉంటే, ఆ 11 దినాలకు ‘అభ్యంతరానికి లోబడి’ చెల్లిస్తానని వ్రాయవచ్చు. అటువంటి వెసులుబాటు లేనిచోట, యాజమాన్యం ఆమోదంతోనే రాజీనామా అమలవుతుందన్న నిబంధన ఉన్నచోట, లేదా బాండు ఉన్నచోట మెయిళ్లతో విషయం తేలదు. ఉద్యోగం విడిచే ముందే న్యాయవాదిని సంప్రదించాలి.

ఆ తేదీ చేరే మూడు చోట్లు

చివరి ఉద్యోగ దినం మూడు పత్రాలలోకి ప్రవహిస్తుంది. ఒక్కొక్కదాన్ని విడిగా సరిచూడాలి.

మొదటిది విడుదల పత్రం. అందులోని తేదీ హెచ్‌ఆర్ ఇచ్చిన మెయిలులోని తేదీతో సరిపోవాలి. కొత్త సంస్థ పూర్వ ఉద్యోగ వివరాలను విచారించినప్పుడు చూసేది దీన్నే.

రెండవది చివరి లెక్కల చీటీ. తప్పు తేదీ మిగిలి ఉంటే ‘నోటీసు కొరత’ పేరుతో కోత కనబడుతుంది. 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన వేతనాల స్మృతి, 2019 ప్రకారం రాజీనామా చేసిన ఉద్యోగి వేతనాన్ని రెండు పనిదినాలలోగా చెల్లించాలి.

మూడవది భవిష్యనిధి ఖాతా. పాత సంస్థలో నిష్క్రమణ తేదీ నమోదు కాకపోయినా, కొత్త ఉద్యోగపు తేదీని దాటి నమోదైనా, నిధిని బదిలీ చేసుకునేటప్పుడు అడ్డంకి వస్తుంది. యజమాని తేదీ నమోదు చేయకపోతే, చివరి చందా జమ అయిన రెండు నెలల తరువాత ఉద్యోగియే సభ్యుల పోర్టల్‌లో `Manage` కింద `Mark Exit` ద్వారా నమోదు చేసుకోవచ్చు. ఒకసారి నమోదైన తేదీని అక్కడే మార్చుకోవడం వీలుకాదు కాబట్టి తొందర కూడదు. యజమాని తప్పుగా నమోదు చేసి ఉంటే జాయింట్ డిక్లరేషన్ ద్వారా సవరణ కోరాలి. దానికి విడుదల పత్రమో, తేదీ తెలిపే మెయిలో ఆధారమవుతుంది.

ఏవి దాచుకోవాలి, ఎవరిని ఆశ్రయించాలి

తెర చిత్రాలు మాత్రమే చాలవు. వాటిలో పంపిన చిరునామా, పూర్తి సమయం తరచుగా కనబడవు. మెయిలును పూర్తి వివరాలతో `.eml` ఫైలుగా దింపుకొని, మూల మెయిలును పెట్టెలో తొలగించకుండా ఉంచాలి. నియామక పత్రం, తపాలా రసీదు, చివరి మూడు నెలల జీతపు చీటీలు ఒకే చోట ఉండాలి. కార్యాలయపు కంప్యూటరు తిరిగి ఇచ్చేముందే ఇవన్నీ సిద్ధం కావాలి.

జీతం నిలిపివేసినచో కార్మిక శాఖకు ఫిర్యాదు చేయవచ్చు. బెంగళూరులో శాఖ ప్రధాన కార్యాలయం బన్నేరుఘట్ట రోడ్డులోని కార్మిక భవనంలో ఉన్నది. న్యాయ సహాయం కావలసినవారు 15100 సంఖ్యకు ఫోను చేయవచ్చు. స్త్రీలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సేవలు పొందే హక్కు ఉన్నది. వెళ్లేటప్పుడు తేదీల వరుసను ఒక కాగితం మీద వ్రాసి తీసుకుపోవాలి. పై ఉదాహరణలో అది ఐదు పంక్తులే: మార్చి 2న మేనేజరుకు మెయిలు, మార్చి 3న చాట్‌లో బదులు, మార్చి 5న హెచ్‌ఆర్‌కు మెయిలు, మార్చి 16న తప్పు తేదీతో బదులు, అదే రోజున సవరణ కోరిక.